ఒకే పేజీలో పక్కపక్కన రెండు పట్టికలు: ముందు విడదీయండి, ఆ తర్వాతే అక్షరాల్లోకి మార్చండి

గత సంవత్సరం మా రెండో స్థాయి పిల్లలకు ఏకవచనం, బహువచనం మీద ఒక వర్క్‌షీట్ ఇచ్చాను. పాత వ్యాకరణ అభ్యాస పుస్తకంలోని ఒక పేజీని స్కాన్ చేసి, ఓసీఆర్ సాయంతో టైపు అక్షరాల్లోకి మార్చి తయారు చేశాను. మరుసటి ఆదివారం ఒక తల్లి ఆ కాగితం చేత్తో పట్టుకుని వచ్చారు. "టీచర్ గారూ, ఇందులో 'ఇండ్లు' ఏకవచనం, 'పగలు' దాని బహువచనం అని ఉంది. మావాడు అలాగే బట్టీ పట్టేశాడు. ఇది తప్పు పడిందా, లేక నాకే తెలియని మాటా?" అని అడిగారు.

తప్పే. ఆ తప్పు ఓసీఆర్ అక్షరాలు సరిగ్గా చదవలేక చేసింది కాదు. ప్రతి మాటనూ అది సరిగ్గానే చదివింది. పేజీలో పక్కపక్కన ఉన్న రెండు పట్టికలను ఒకటే పట్టిక అనుకుని, అడ్డంగా చదువుకుంటూ పోయింది. నేనూ వాటిని విడదీయకుండా దానికి అప్పజెప్పాను. తెలుగు రోజంతా చెవిన పడే ఇంట్లో అయితే పిల్లవాడికే అది వింతగా అనిపించి ఉండేది. మన పిల్లల్లో చాలామందికి మనం ఇచ్చిన కాగితమే ప్రమాణం. అందుకే ఈ ఒక్క పనిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అసలు ఏం జరిగింది

ఆ పేజీలో పైన అడ్డంగా "పదాల అభ్యాసం" అని ఒక శీర్షిక ఉంది. దాని కింద ఎడమ వైపు ఏకవచనం, బహువచనం పట్టిక. కుడి వైపు వ్యతిరేక పదాల పట్టిక. రెండింటికీ మధ్య అర సెంటీమీటరు ఖాళీ. ఎడమ పట్టికలో 10 జతలు, కుడి పట్టికలో 12 జతలు ఉన్నాయి. మొదటి నాలుగు పంక్తులు పేజీ మీద ఇలా కనిపిస్తాయి:

```
చెట్టు    చెట్లు       వెలుగు    చీకటి
రాయి    రాళ్లు       పొడుగు    పొట్టి
ఇల్లు     ఇళ్లు        ఎండ     నీడ
         ఇండ్లు      పగలు     రాత్రి
```

"ఇల్లు" అనే మాటకు ఇళ్లు, ఇండ్లు అని రెండు బహువచన రూపాలు ఉన్నాయి కాబట్టి ఆ జత రెండు పంక్తులు తీసుకుంది. కిందకి పోతే "పండు" దగ్గర కూడా అంతే: పళ్లు, పండ్లు. అంటే ఎడమ పట్టికలో జతలు 10 అయినా పంక్తులు 12. కుడి పట్టికలో 12 జతలు, 12 పంక్తులు. రెండు వైపులా పంక్తుల లెక్క సరిపోయింది! మార్చిన తర్వాత నేను పంక్తులు లెక్కపెట్టి, పన్నెండూ పన్నెండూ ఉన్నాయి కదా అని తృప్తి పడ్డాను.

ఓసీఆర్ నుంచి వచ్చిన పాఠంలో మాటల మధ్య ఖాళీలు తప్ప గళ్ల గీతలు ఉండవు. నాలుగో పంక్తి "ఇండ్లు పగలు రాత్రి" అని మూడు మాటలుగా వచ్చింది. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో ఖాళీల దగ్గర విడగొట్టి నాలుగు గళ్లలో పోస్తే, "ఇండ్లు" మొదటి గడిలో, "పగలు" రెండో గడిలో, "రాత్రి" మూడో గడిలో పడ్డాయి. నాలుగో గడి ఖాళీ. ఎనిమిదో పంక్తిలోనూ ఇదే జరిగింది. "పండ్లు" ఏకవచనం అయింది, "మొదలు" దాని బహువచనం అయింది, "చివర" పక్కన ఖాళీ మిగిలింది.

ఇక్కడ రెండు విషయాలు తప్పును దాచేశాయి. ఒకటి, పగలు, మొదలు అనే మాటలు రెండూ "లు"తో ముగుస్తాయి. బహువచనాల వరసలో అవి కూర్చుంటే కంటికి ఎబ్బెట్టుగా ఉండవు. రెండోది నా పొరపాటే. "రాత్రి" పక్కన ఖాళీ కనపడగానే ఓసీఆర్ ఒక మాట వదిలేసిందనుకుని నేనే "పగలు" అని టైపు చేశాను. "చివర" పక్కన "మొదలు" అని రాశాను. కుడి పట్టిక చూడ్డానికి నిండుగా, సరిగ్గా తయారైంది. ఎడమ పట్టికలో తప్పు అలాగే ఉండిపోయింది.

కాగితం మీద ఉన్నప్పుడు రెండు పట్టికల తేడా చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. అక్షరాల్లోకి మారాక ఆ తేడా చూపించే ఖాళీ, గీత రెండూ పోతాయి. కాబట్టి విడదీయాల్సింది బొమ్మ దశలోనే. మార్చిన తర్వాత విడదీయబోతే ఏ మాట ఎటుదో ఊహించుకోవాల్సి వస్తుంది.

కత్తిరించే ముందు: ఇవి నిజంగా రెండు పట్టికలేనా?

మధ్యలో ఖాళీ కనపడిందని వెంటనే కోసేయకండి. అలా కనిపించే పేజీలు మూడు రకాలు.

మొదటి రకం, పైన చెప్పినట్టు వేర్వేరు విషయాల రెండు పట్టికలు. రెండో ఎక్కం, మూడో ఎక్కం పక్కపక్కన వేసిన పేజీ కూడా ఇదే రకం. వీటిని కోయాలి, కోసిన తర్వాత విడిగానే ఉంచాలి.

రెండో రకం, ఒకటే పొడవైన పట్టికను చోటు కోసం రెండు ముక్కలుగా వేసినది. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఇలాగే వేస్తుంటారు: ఎడమ వైపు 1 ప్రభవ నుంచి 30 దుర్ముఖి వరకు, కుడి వైపు 31 హేవిళంబి నుంచి 60 అక్షయ వరకు. దీన్నీ కోయాలి, కానీ మార్చిన తర్వాత కుడి ముక్కను ఎడమ ముక్క కింద అతికించాలి. కోయకుండా మారిస్తే ప్రభవ, హేవిళంబి, విభవ, విళంబి అని వరస కలిసిపోతుంది.

మూడో రకం అసలు రెండు పట్టికలు కాదు. క్రియారూపాల పట్టికలో చేయు, చేశాను, చేస్తున్నాను, చేస్తాను అని నాలుగు నిలువు వరసలు ఉండి, మధ్యలో కాస్త ఎక్కువ ఖాళీ ఉండవచ్చు. దీన్ని కోస్తే "చేశాను" ఒక చోట, "చేస్తాను" ఇంకో చోట పడి, ఏ క్రియ ఏదో తెలియకుండా పోతుంది.

ఏ రకమో తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. మధ్యలోని ఏదో ఒక పంక్తిని ఎడమ చివర నుంచి కుడి చివర దాకా పైకి చదవండి. మొత్తం కలిసి ఒక విషయం చెబితే అది ఒకటే పట్టిక. సగం దగ్గర విషయం మారితే రెండు. తర్వాత పైనున్న శీర్షికలు చూడండి. అవే శీర్షికలు రెండోసారి వస్తే, వరస సంఖ్యలు ఎడమ అడుగున ఆగి కుడి పైన కొనసాగితే, అది రెండో రకం.

ఇది తేలాక పేజీని ప్రింటు తీసుకుని, ఒక్కో పట్టికలో జతలు ఎన్నో పెన్సిలుతో లెక్కపెట్టి పైన రాసిపెట్టుకోండి. లెక్కపెట్టేది జతలను, పంక్తులను కాదు. నా పేజీకి "ఎడమ 10, కుడి 12" అని ముందే రాసుకుని ఉంటే ఆ వర్క్‌షీట్ తరగతికి వెళ్లేది కాదు.

పేజీని నిటారుగా నిలపడం

స్కాన్ 300 డీపీఐలో చేయండి. అంతకంటే తక్కువైతే తెలుగు ఒత్తులు, గుడులు అలికినట్టవుతాయి. లెటర్ సైజు కాగితం 300 డీపీఐలో 2550 పిక్సెళ్ల వెడల్పు, 3300 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. ఆ లెక్కన అర సెంటీమీటరు ఖాళీ సుమారు 60 పిక్సెళ్లు.

వాలు ఎందుకు ముఖ్యమో ఈ 60 పిక్సెళ్లతోనే చూద్దాం. పట్టిక ఎత్తు 2000 పిక్సెళ్లు అనుకోండి. పేజీ 1 డిగ్రీ వాలితే, పై నుంచి కిందకి వచ్చేసరికి ఖాళీ సుమారు 35 పిక్సెళ్లు పక్కకు జరుగుతుంది. నిటారుగా గీత గీయడానికి మిగిలేది 25 మాత్రమే. 2 డిగ్రీలు వాలితే 70 పిక్సెళ్లు జరుగుతుంది. అంటే ఏ అక్షరాన్నీ తాకకుండా పోయే నిలువు గీత ఆ బొమ్మలో ఎక్కడా ఉండదు. కాబట్టి ముందు నిటారు చేయడం, తర్వాత కోయడం. ఈ వరస మార్చకూడదు.

ఫోన్‌తో ఫొటో తీసిన పేజీ, లేదా లావు పుస్తకాన్ని తెరిచి బోర్లించి స్కాన్ చేసిన పేజీ అయితే ఇంకో చిక్కు. కుట్టు దగ్గర కాగితం వంగి, మధ్య ఖాళీ కూడా విల్లులా వంగుతుంది. తిప్పితే అది సరికాదు. వీలుంటే పుస్తకాన్ని అదిమిపెట్టి మళ్లీ స్కాన్ చేయడమే మేలు. వీలుకాకపోతే పట్టికలను ముందు అడ్డంగా, రెండు పంక్తుల మధ్య తెల్లటి చోట, పై సగం, కింది సగం అని కోసి, ఒక్కో సగంలో ఖాళీ ఎక్కడుందో అక్కడ నిలువుగా కోయండి. ఎత్తు తగ్గేకొద్దీ వంపూ తగ్గుతుంది.

కోత ఎక్కడ పడాలి

ముందు పైనున్న ఉమ్మడి శీర్షికను, అడుగున ఏదైనా సూచన ఉంటే దాన్నీ పక్కన పెట్టండి. అవి రెండు పట్టికల మీదుగా అడ్డంగా పోతాయి కాబట్టి, వాటితో సహా నిలువుగా కోస్తే "పదాల అభ్యాసం" కాస్తా ఒక ముక్కలో "పదాల", ఇంకో ముక్కలో "అభ్యాసం" అవుతుంది.

తర్వాత నిలువు కోత. ఇక్కడ తెలుగుకే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. నా పేజీలో ఖాళీకి ఆనుకుని ఉన్నది బహువచనాల వరస. దాదాపు ప్రతి మాటా "లు"తో ముగుస్తుంది. "లు"లోని కొమ్ము అక్షరానికి కుడి పక్కన ఉంటుంది. కోత ఎడమకు పది పిక్సెళ్లు జరిగితే పోయేది ఆ కొమ్మే. చెట్లు "చెట్ల" అవుతుంది, రాళ్లు "రాళ్ల" అవుతుంది, గోడలు "గోడల" అవుతుంది. ఇవి కూడా తెలుగులో ఉన్న రూపాలే. చెట్ల కింద, రాళ్ల మీద, గోడల మధ్య అంటాం. అందుకని అక్షరదోషాలు వెతికే ఏ సాధనమూ వీటిని పట్టుకోదు. అందువల్ల కోత ఎప్పుడూ ఖాళీకి సరిగ్గా నడిమధ్యన పడాలి. కోశాక ఎడమ ముక్కను పెద్దది చేసి, కుడి అంచున కొమ్ములన్నీ పూర్తిగా ఉన్నాయా అని పై నుంచి కిందకి ఒకసారి చూడండి.

కొన్ని పుస్తకాల్లో రెండు పట్టికల మధ్య ఖాళీ ఉండదు, ఒకే గీత ఉంటుంది. అప్పుడు గీతకు ఎడమ పక్కనో కుడి పక్కనో కోయడానికి తంటాలు పడకండి. ఎడమ ముక్కలోనూ గీత ఉండేలా, కుడి ముక్కలోనూ గీత ఉండేలా కాస్త అతివ్యాప్తితో రెండుసార్లు కోయండి. తర్వాత ఆ గీతను, దాని అవతల తొంగిచూసే పక్క పట్టిక అక్షరాలను తెల్ల రంగుతో చెరిపేయండి. గీత మిగిలితే ఓసీఆర్ దాన్ని ఒక్కోసారి 1 అంకెగా చదివి ప్రతి పంక్తికీ తగిలిస్తుంది.

చేతితో చేసే పద్ధతి

ఒకటి రెండు పేజీలే అయితే కంప్యూటర్‌లో బొమ్మలు కత్తిరించే ఏ ప్రోగ్రామ్ అయినా చాలు. నిటారు చేసిన బొమ్మకు రెండు నకళ్లు తీసుకోండి. ఒక దాంట్లో ఎడమ పట్టిక మాత్రమే, రెండో దాంట్లో కుడి పట్టిక మాత్రమే ఉండేలా కత్తిరించండి. ఏ పేజీ, ఏ పక్క అన్నది ఫైలు పేరులోనే ఉండాలి. ఒక్కో బొమ్మను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి `Open with`, ఆ తర్వాత `Google Docs` ఎంచుకుంటే, బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. గళ్లు రావు, పంక్తులు మాత్రమే వస్తాయి. ఒక్కో పట్టికకు రెండే వరసలు కాబట్టి గళ్లలో పోసుకోవడం కష్టం కాదు.

పేజీలు ఎక్కువైతే

ఒకే పుస్తకంలో ఒకే అమరికలో ఇరవై ముప్ఫై పేజీలుంటే ఇమేజ్‌మ్యాజిక్, టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాములు పని తగ్గిస్తాయి. టెసరాక్ట్‌కు తెలుగు భాషా ఫైలు విడిగా చేర్చుకోవాలి. ముందు నిటారు చేసే ఆదేశం:

```
magick page.png -background white -deskew 40% +repage straight.png
```

ఇప్పుడు కొలతలు `straight.png` మీదే తీసుకోండి, పాత బొమ్మ మీద కాదు. తిప్పినప్పుడు బొమ్మ కొలతలు కొద్దిగా మారతాయి. నా పేజీలో మధ్య ఖాళీ ఎడమ అంచు నుంచి 1210 దగ్గర మొదలై 1270 దగ్గర ముగిసింది. నడిమధ్య 1240. పట్టికలు పై నుంచి 450 దగ్గర మొదలై 2400 దగ్గర ముగిశాయి. అంచులకు కాస్త తెల్లటి చోటు వదిలి ఇలా కోశాను:

```
magick straight.png -crop 1070x2000+170+430 +repage -bordercolor white -border 30 left.png
magick straight.png -crop 1140x2000+1240+430 +repage -bordercolor white -border 30 right.png
```

`1070x2000+170+430` అంటే వరసగా ముక్క వెడల్పు, ఎత్తు, ఎడమ నుంచి దూరం, పై నుంచి దూరం. 170కి 1070 కలిపితే 1240. కుడి ముక్క సరిగ్గా అక్కడే మొదలవుతుంది. చివర చుట్టూ 30 పిక్సెళ్ల తెల్లటి అంచు కలపడం ఎందుకంటే, బొమ్మ అంచుకు అంటుకున్న అక్షరాలను టెసరాక్ట్ సరిగ్గా చదవలేదు. తర్వాత మార్చడం:

```
tesseract left.png left -l tel --psm 6
tesseract right.png right -l tel --psm 6
```

`--psm 6` అంటే "బొమ్మ అంతా ఒకటే దిమ్మ, అడ్డంగా చదువు" అని చెప్పడం. విడదీసిన పట్టికకు ఇదే కావాలి. విడదీయని పేజీకి మాత్రం ఇది నేను చేసిన తప్పునే చేస్తుంది. ఒక కొలతతో పేజీలన్నీ కోయబోయే ముందు మొదటిది, మధ్యది, చివరిది విడిగా కోసి చూడండి. స్కాన్ చేసేటప్పుడు పుస్తకం కొంచెం కొంచెంగా జరుగుతూ ఉంటుంది కాబట్టి 1240 అన్ని పేజీలకూ సరిపోతుందన్న నమ్మకం లేదు.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది

విడదీసి మార్చాక ఎడమ ముక్కలో ఆ మూడు, నాలుగు పంక్తులు ఇలా వచ్చాయి:

```
ఇల్లు ఇళ్లు
ఇండ్లు
```

"ఇండ్లు" పంక్తిలో ఒంటరిగా నిలబడింది. ఒంటరి మాట అంటే అది కొత్త జత కాదు, పై జతకు కొనసాగింపు అని అర్థం. దాన్ని పైకి కలిపి "ఇల్లు, ఇళ్లు లేదా ఇండ్లు" అని రాసుకోవాలి. విడదీయక ముందు ఇదే మాట పక్క పట్టికలోని రెండు మాటలతో కలిసి నిండు పంక్తిలా కనిపించి మోసం చేసింది. కొన్ని పుస్తకాల్లో "ఇల్లు"ను రెండు పంక్తుల నడుమన వేస్తారు. అప్పుడు ఇళ్లు, ఇల్లు, ఇండ్లు అని మూడు ఒంటరి మాటలు రావచ్చు. అలాంటి చోట కాగితం చూసి సరిచేయాలి తప్ప వచ్చిన వరసను నమ్మకూడదు.

కొనసాగింపులు కలిపాక జతలు లెక్కపెట్టి, పెన్సిలుతో రాసుకున్న సంఖ్యతో పోల్చండి. ఎడమ 10, కుడి 12 రావాలి. లెక్క కుదిరాక కూడా రెండు లేదా మూడు పంక్తుల జతలు ఎక్కడున్నాయో అక్కడా, వాటి తర్వాతి పంక్తిలోనూ పుస్తకంతో మాట మాట పోల్చండి. జరుగుడు మొదలయ్యేది అక్కడే. ఎక్కడైనా గడి ఖాళీగా ఉంటే, మీకు తెలిసిన మాటే అయినా సొంతంగా నింపకండి. ఖాళీ ఎందుకు వచ్చిందో బొమ్మలో చూడండి. నేను ఆ "రాత్రి" పక్కన ఖాళీని నింపకుండా వదిలేసి ఉంటే, తప్పు నా కంటబడేది.

చివరగా, వర్క్‌షీట్‌ను తయారు చేసినవారు కాకుండా ఇంకొకరు పైకి చదవాలి. మా బడిలో ఇప్పుడు ఆ పని చేస్తున్నది ఆరోజు కాగితం పట్టుకుని వచ్చిన ఆ తల్లే. పుస్తకం నేను పట్టుకుంటాను, వర్క్‌షీట్ ఆవిడ చదువుతారు. ఒక పేజీకి పది నిమిషాలు పడుతుంది.